ధర తర్వాత అడుగుదాం, ముందు కోన్‌లో ఏముందో అడుగుదాం

ఆశ్వయుజం దగ్గర పడగానే మన గ్రూపుల్లో ఆ పోస్టు రావడం మొదలవుతుంది. మీకూ వచ్చే ఉంటుంది. పైన రెండు చేతుల ఫొటో, కింద "పండగ బుకింగులు మొదలయ్యాయి, సింపుల్ ప్యాకేజీ ఇంత, ఫుల్ ప్యాకేజీ ఇంత, త్వరపడండి" అని నాలుగు ముక్కలు, చివర ఒక వాట్సాప్ నంబరు. అంతే. మనం కూడా వెంటనే చేసే పని ఒకటే. "కొంచెం తగ్గిస్తారా? నలుగురం వస్తాం" అని మెసేజ్ పెడతాం.

నేను పదమూడేళ్లుగా ఇంగ్లండులో నర్సుగా పని చేస్తున్నాను. మెహందీ పెట్టడం నా వృత్తి కాదు. కానీ మా వీధిలోనే ఉండే ఒక చెల్లి ఇంట్లో కూర్చుని మెహందీ పెడుతుంది. పండగల ముందు నేను వెళ్లి పేస్టు వడకట్టడంలో, కోన్లు చుట్టడంలో సాయం చేస్తుంటాను. అందువల్ల ఈ పోస్టుకి రెండు వైపులా ఏం జరుగుతుందో కాస్త చూశాను. నా అభిప్రాయం ఒక్క మాటలో చెప్పేస్తాను. ఆ పోస్టులో ఉండాల్సిన అతి ముఖ్యమైన లైను చాలాసార్లు ఉండదు, అది లేదని మనం అడగడమూ లేదు. ఆ లైను ధర గురించి కాదు. కోన్‌లో ఏముంది, ఎప్పుడు కలిపారు అన్నది.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, రెండేళ్ల క్రితం మాకు తెలిసినవాళ్ల పాపకి జరిగింది చూశాను కాబట్టి. తొమ్మిదేళ్ల పిల్ల. ఒక మేళాలో స్టాలు దగ్గర "అరగంటలో నల్లగా వస్తుంది" అంటే ముచ్చటపడి చేతి మీద పెట్టించుకుంది. అరగంటకి కడిగేస్తే నిజంగానే బొగ్గులా నల్లగా వచ్చింది. అందరూ భలే పండిందే అన్నారు. అయిదో రోజు రాత్రి దురద మొదలైంది. ఆరో రోజు పొద్దున వాళ్లమ్మ నాకు ఫొటో పంపింది. డిజైన్ ఎక్కడెక్కడ ఉందో సరిగ్గా అక్కడే, తీగా ఆకూ పువ్వూ అలాగే ఉబ్బి, నీటి పొక్కులు. చర్మం మీద ఎవరో వాతలు పెట్టినట్టు ఉంది. డాక్టరు స్టెరాయిడ్ క్రీము ఇచ్చారు, మూడు వారాలకి తగ్గింది. చాలా నెలల వరకు ఆ తీగ ఆకారం తెల్లటి మచ్చగా కనిపిస్తూనే ఉంది. అసలు బాధ అది కూడా కాదు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ముందు మనకి తెలిసిన గోరింటాకు దగ్గరికి వద్దాం. ఆషాఢంలో అమ్మమ్మ ఇంట్లో ఆకు కోసి, రోట్లో వేసి, కాస్త చింతపండో మజ్జిగో వక్కో వేసి రుబ్బేవారు. వేళ్లకి టోపీలు, అరచేతిలో చందమామ, పక్కలో గుడ్డలు కట్టుకుని పడుకోవడం. పొద్దున్న రాల్చేస్తే నారింజ రంగు. ఆ మర్నాటికి ఎరుపు. ఆ చెయ్యి నల్లగా మీరెప్పుడైనా చూశారా? చూసి ఉండరు. గోరింటాకులో రంగునిచ్చే పదార్థం ఒకటుంది, దాని పేరు లాసోన్. అది చర్మం పై పొరలో ఉండే కెరటిన్ అనే ప్రొటీనుని పట్టుకుంటుంది. మొదట నారింజగా ఉంటుంది. గాలి తగిలే కొద్దీ ఒకటి రెండు రోజుల్లో ముదిరి ఎర్రటి గోధుమ రంగుకి వస్తుంది. మనవాళ్లు ఎంత బాగా పేరు పెట్టారో చూడండి, గోరింటాకు "పండింది" అంటాం. పండు ముగ్గినట్టే దానికి టైము కావాలి. అరగంటలో పండే పండు ఎక్కడైనా ఉందా?

అరగంటలో నల్లగా వచ్చేదాంట్లో ఉండేది వేరే. దాని పేరు పారా ఫినైలీన్ డయమీన్, పొట్టిగా పీపీడీ అంటారు. జుట్టుకి వేసుకునే నల్ల రంగుల్లో ఉండేది అదే. జుట్టు రంగులో కూడా దాన్ని ఎంతపడితే అంత కలపకూడదు. ఇక్కడి నిబంధన ప్రకారం తలకి రాసే సమయానికి 2 శాతం మించకూడదు, చేతికి గ్లవుజులు వేసుకోమని పెట్టె మీద రాయాలి. చర్మానికి రంగు వేయడానికి వాడటం ఇక్కడ చట్టవిరుద్ధం. మేళాల్లో పెట్టే "బ్లాక్ హెన్నా"లో ఎంత కలిపారో కొలిచేవాళ్లు ఎవరూ ఉండరు. అదీ గంటల తరబడి చర్మం మీదే ఉంటుంది.

ఇక్కడ చాలామంది అక్కలు నాతో అనే మాట ఒకటుంది. "నేను ఇండియా వెళ్లినప్పుడల్లా పెట్టించుకుంటాను, నాకేం కాలేదు." ఆ మాట నిజమే కావచ్చు. కానీ ఈ ఎలర్జీ పని చేసే పద్ధతి వేరు. మొదటిసారి తగిలినప్పుడు చాలామందికి పైకి ఏమీ కనపడదు. లోపల మాత్రం శరీరం దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకోవచ్చు. తర్వాతెప్పుడో మళ్లీ తగిలితే ఒకటి రెండు రోజుల్లోనే బయటపడుతుంది. ఒక్కోసారి మొదటిసారే, వారం పది రోజులు ఆలస్యంగా పొక్కులు రావచ్చు. మా పాపకి అయిదో రోజు వచ్చింది అందుకే. ఒకసారి గుర్తుపెట్టుకున్నాక శరీరం మర్చిపోదు, జీవితాంతం ఉంటుంది.

ఇందాక తర్వాత చెబుతానన్నది ఇదే. ఆ పిల్ల రేపు ఇరవై ఏళ్లకి సరదాగా జుట్టుకి రంగు వేసుకుంటే తలంతా, మొహమంతా వాచిపోవచ్చు, కళ్లు మూసుకుపోవచ్చు, అరుదుగా ఊపిరి ఆడని పరిస్థితి కూడా రావచ్చు. మన వయసులో నెలకోసారి తెల్లజుట్టుకి రంగు వేసుకునే వాళ్లకయితే ఈ సమస్య ఈ నెలే ఎదురవుతుంది. అందుకే నల్ల మెహందీతో ఎప్పుడైనా దురద వచ్చిన వాళ్లు జుట్టు రంగు జోలికి వెళ్లే ముందు డాక్టరుకి చెప్పాలి, పార్లరులో కూడా చెప్పాలి. ఇంకో మాట. "ముందు చిన్న చుక్క పెట్టి చూస్తాం, ఏం కాకపోతే డిజైన్ వేస్తాం" అని నల్ల మెహందీవాళ్లు అంటే నమ్మకండి. ఆ చుక్కే లోపల ఎలర్జీ మొదలుపెట్టవచ్చు. ఆ రోజు ఏమీ కాలేదంటే క్షేమం అని అర్థం కాదు.

ఇప్పుడు మంచి కోన్ ఎలా తయారవుతుందో చెబుతాను. ఇది తెలిస్తే పోస్టులో ఏం అడగాలో మీకే తెలుస్తుంది. మా చెల్లి లెక్క ఇలా ఉంటుంది. 100 గ్రాముల గోరింటాకు పొడి. ఇది జుట్టుకి వేసే ముతక పొడి కాదు, చేతికి పెట్టడానికని మెత్తగా జల్లించింది. అందులో 30 గ్రాముల పంచదార, 30 మిల్లీలీటర్ల లావెండర్ నూనె, కలపడానికి పావు లీటరు పైచిలుకు నిమ్మరసం. పంచదార వల్ల పేస్టు తీగలా సాగుతుంది, చర్మానికి అంటుకుని ఉంటుంది. నిమ్మ పులుపు రంగుని నెమ్మదిగా బయటికి రానిస్తుంది. నూనె రంగుని ముదురు చేస్తుంది. కలిపి మూత పెట్టి పక్కన పెడితే, ఇండియా ఎండల్లో అయితే కొన్ని గంటల్లో రంగు వదులుతుంది. ఇక్కడ అక్టోబరు చలిలో వంటింట్లో ఒక రాత్రీ ఒక పగలూ పడుతుంది. పైన గోధుమ రంగు తేలి లోపల పచ్చగా ఉంటే సిద్ధమైనట్టు. అప్పుడు పల్చటి మేజోడు గుడ్డలో పిండి వడకట్టి కోన్లలో నింపాలి. వంద గ్రాముల పొడికి పదిహేను చిన్న కోన్లు వస్తాయి.

ఆ కోన్ బయట పెడితే రెండు మూడు రోజుల్లో దాని బలం పోతుంది. ఫ్రిజ్‌లో కొద్ది రోజులు ఉంటుంది. ఫ్రీజర్‌లో అయితే నెలలు ఉంటుంది. ఇది బాగా గుర్తుపెట్టుకోండి. ఎందుకంటే మన దేశీ కొట్లలో కౌంటరు మీద డబ్బాలో పెట్టి ఏడాది పొడవునా అమ్మే కోన్లు అలా ఎలా ఉంటున్నాయి? ఉత్త గోరింటాకు అయితే వారంలో రంగు చచ్చిపోవాలి కదా. అవి అయినా ముదురు రంగే ఇస్తున్నాయంటే ఆకు కాకుండా ఇంకేదో రంగిస్తోందన్నమాట. పెట్టె మీద ఏమేం కలిపారో రాసి ఉండదు, లేదా "నేచురల్" అని ఒక్క ముక్క ఉంటుంది. మూత తీస్తే కిరోసిను, పెయింటు వాసన కొట్టే కోన్లు నేనే చూశాను. ఎర్రగా వచ్చినంత మాత్రాన అది మంచిదని కాదు. ఎర్ర రంగు ఇచ్చే రసాయనాలూ ఉన్నాయి.

కాబట్టి మీరు ఆర్టిస్టు ఎదురుగా కూర్చున్నప్పుడు చూడాల్సినవి నాలుగు. పేస్టు ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగులో ఉండాలి, తారులా నల్లగా ఉండకూడదు. వాసన ఎండు ఆకులా, నిమ్మలా, లావెండరులా ఉండాలి, పెట్రోలులానో జుట్టు రంగులానో ఉండకూడదు. ఎంతసేపు ఉంచుకోవాలని అడిగితే "ఆరు గంటలు, వీలైతే రాత్రంతా" అనాలి, "అరగంట చాలు" అనకూడదు. రాల్చేసినప్పుడు నారింజ రంగులో ఉండాలి. నారింజ చూసి "అయ్యో పండలేదే" అని మొహం మాడ్చుకోవద్దు. అసలు సరుకు అని చెప్పే ముద్ర అదే.

మంచి గోరింటాకుకీ హద్దులున్నాయి, అవి కూడా చెప్పాలి. కొంతమందికి అందులో కలిపే నూనెలు పడవు. ముఖ్యంగా లవంగ నూనె చర్మాన్ని మండిస్తుంది. రంగు రావాలని మనం పెనం మీద లవంగాలు వేసి వెచ్చదనం చేతికి పట్టించడం వేరు, నూనెని పేస్టులో కలపడం వేరు. చిన్నపిల్లలకి అసలు నూనె లేని పేస్టే పెట్టాలి, రంగు కాస్త తగ్గినా ఫరవాలేదు. పసిబిడ్డలకి అయితే అచ్చమైన ఆకు కూడా వద్దు. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న పిల్లల్లో గోరింటాకు వల్ల రక్త కణాలు పగిలిపోయి, పసిరికలు, రక్తహీనత వచ్చిన సందర్భాలు వైద్యంలో నమోదయ్యాయి. ఇంట్లో ఆ లోపం ఉన్నవాళ్లుంటే పెద్దవాళ్లయినా మానేయడమే మంచిది. బారసాలకి పాప అరికాళ్లకి ముచ్చటగా చుక్కలు పెడదామనే అత్తమ్మలకి ఈ మాట నెమ్మదిగా చెప్పండి.

ఇప్పుడు పోస్టులో రెండో లోటుకి వస్తాను. అది ప్యాకేజీ. "సింపుల్ 10 పౌండ్లు" అని పెడతారు. సింపుల్ అంటే ఏమిటి? ఆర్టిస్టు మనసులో రెండు అరచేతులు, మణికట్టు వరకు, ఒక తీగా వేళ్ల చివర్లూ. మన మనసులో రెండు చేతులు రెండు వైపులా. పోయినేడు మా చెల్లి ఇంట్లో ఈ ఒక్క మాట మీద పెద్ద రభస జరిగింది. ఒకావిడ ముగ్గురు ఆడపడుచులతో వచ్చారు. నలుగురికీ అరచేతులు అయ్యాక చేతులు తిరగేసి "ఇటు కూడా" అన్నారు. అది వేరే ప్యాకేజీ అక్కా అంటే, "పోస్టులో అలా లేదే" అన్నారు. నిజమే, పోస్టులో లేదు. తప్పు ఎవరిదని తేల్చలేక మా చెల్లి నలుగురికీ వెనక వైపు కూడా ఊరికే పెట్టింది. తర్వాత బుక్ చేసుకున్నవాళ్లు గంటన్నర బయట కార్లో కూర్చున్నారు.

ఆ సాయంత్రం లెక్క మీకు చెబుతాను. అయిదు గంటల నుంచి తొమ్మిది వరకు టైము. సింపుల్ ఒకరికి ఇరవై నిమిషాలు. అంటే గంటకి ముగ్గురు, నాలుగు గంటలకి పన్నెండు మంది, 120 పౌండ్లు. బాగానే ఉందనిపిస్తుంది కదా. కానీ ముందు రెండు రోజుల్లో పేస్టు కలపడం, వడకట్టడం, కోన్లు చుట్టడం అన్నీ కలిపి ఇంకో నాలుగు గంటలు. మొత్తం ఎనిమిది గంటల పనికి 120, అంటే గంటకి 15. అందులోంచి పొడి, నిమ్మకాయలు, అన్నిటికంటే ఖరీదైన లావెండర్ నూనె పోవాలి. ఆ రోజు నలుగురికి వెనక వైపు ఊరికే పెట్టేసరికి ఎనభై నిమిషాలు పోయాయి. అది ఇంకో నలుగురి టైము. ఇద్దరు విసుగొచ్చి వెళ్లిపోయారు, ఇద్దరు చెప్పకుండానే రాలేదు. 120 కాస్తా 80 అయింది, గంటకి 10. నూనె ఖర్చు తీయకుండానే.

ఇలా రెండు సాయంత్రాలు గడిస్తే ఆ అమ్మాయికి ఏ ఆలోచన వస్తుందో మీరే ఊహించండి. నూనె మానేసి, రాత్రంతా నానబెట్టే పని మానేసి, కొట్లో డజను రెడీమేడ్ కోన్లు తెచ్చుకుంటే సరిపోతుంది కదా అనిపిస్తుంది. పైగా వాటితో అయితే అందరూ "భలే నల్లగా వచ్చింది" అని మెచ్చుకుంటారు కూడా. మా చెల్లి ఆ పని చేయలేదు, కానీ ఆలోచన వచ్చిందని నాతోనే చెప్పింది. ఆమె అన్న మాట నన్ను ఇప్పటికీ గుచ్చుతుంది. "అక్కా, కోన్‌లో ఏముందని ఈ నాలుగేళ్లలో నన్ను ఒక్కరూ అడగలేదు. ఎంత నల్లగా వస్తుంది, ఎంత తగ్గిస్తావు, ఈ రెండే అడిగారు."

అందుకే ఈ విషయంలో తప్పంతా స్టాళ్లవాళ్ల మీద వేయలేను. మనమే అరగంటలో కావాలంటాం, నల్లగా కావాలంటాం, చవకగా కావాలంటాం. ఆ మూడూ కలిసి దొరికేది ఒక్క రసాయనంలోనే. "పని నుంచి వచ్చేసరికి ఏడవుతుంది, పిల్లల్ని పడుకోబెట్టాలి, ఆరు గంటలు చేతులు కట్టుకుని ఎలా కూర్చోను" అని మీరు అడుగుతారు. సరైన ప్రశ్నే, నేనూ నైట్ డ్యూటీలు చేసేదాన్నే. జవాబు రసాయనంలో లేదు, తారీఖులో ఉంది.

అట్లతద్ది శుక్రవారం వచ్చిందనుకోండి. మర్నాడు ఉత్తరాదివాళ్ల కర్వా చౌత్ ఉంటుంది. మనది ఆశ్వయుజ బహుళ తదియ, వాళ్లది ఆ పక్క రోజు చవితి. అందుకే ఆ వారం ఆర్టిస్టులకి ఊపిరి సలపదు. ఊళ్లో అయితే అట్లతద్దికి ముందు రాత్రి పెట్టుకునేవాళ్లం. ఇక్కడ మాత్రం బుధవారం రాత్రికి బుక్ చేసుకోండి. పిల్లలు పడుకున్నాక తొమ్మిదింటికి ఇంటికి రండి. పేస్టు ఆరి బిగుసుకోగానే నిమ్మరసం పంచదార కలిపిన నీళ్లు దూదితో అద్ది, పైన మెత్తటి కాగితం చుట్టి, పాత సాక్సులు తొడుక్కుని పడుకోండి. గురువారం పొద్దున నీళ్లతో కడగకుండా గీకేసి కొబ్బరి నూనె రాయండి. ఆ రోజు వీలైనంత వరకు నీళ్లకి దూరం. గురువారం నారింజగా, శుక్రవారం పొద్దునకి ఎర్రగా, శనివారానికి ముదురుగా ఉంటుంది. గురువారం డ్యూటీ ఉండి రోజంతా చేతులు కడుక్కోక తప్పని నర్సులైతే ఇంకో రోజు ముందుకి జరపండి, లేదా సెలవు రోజు ముందు రాత్రి పెట్టించుకోండి. అరచేతిలో చర్మం మందం కాబట్టి బాగా పండుతుంది, చేతి వెనక ఎప్పుడూ ఒక మెట్టు తక్కువే. అది ఆర్టిస్టు తప్పు కాదు.

మరి పోస్టు ఎలా ఉండాలి? ఊరికే విమర్శించడం ఎందుకని, ఈసారి మా చెల్లీ నేనూ కూర్చుని ఒకటి రాశాం. ఇదీ అది. మీలో మెహందీ పెట్టేవాళ్లుంటే నిస్సంకోచంగా వాడుకోండి, ధరలు మీవి వేసుకోండి.

"అట్లతద్ది, కర్వా చౌత్ మెహందీ బుకింగులు. బుధ, గురువారాలు సాయంత్రం 5 నుంచి 9 వరకు, మా ఇంట్లో.

చిట్టి ప్యాకేజీ: అయిదేళ్లు దాటిన పిల్లలకి, ఒక అరచేయి, చిన్న పువ్వు, 5 నిమిషాలు, 3 పౌండ్లు. నూనె లేని పేస్టు.

సింపుల్ ప్యాకేజీ: రెండు అరచేతులు, మణికట్టు వరకు, 20 నిమిషాలు, 10 పౌండ్లు.

పండగ ప్యాకేజీ: రెండు చేతులు రెండు వైపులా, మణికట్టు పైన నాలుగు వేళ్ల మేర, 45 నిమిషాలు, 25 పౌండ్లు.

కోన్‌లో ఉన్నవి: గోరింటాకు పొడి, నిమ్మరసం, పంచదార, లావెండర్ నూనె. సోమవారం రాత్రి కలిపినది. మర్నాటికి నారింజ, రెండో రోజుకి ఎరుపు. నల్ల మెహందీ పెట్టను, దయచేసి అడగవద్దు.

ఎలర్జీలు, జీ6పీడీ లోపం ఉంటే ముందే చెప్పండి.

ఒక్కొక్కరికి 3 పౌండ్లు అడ్వాన్సు, అది బిల్లులో తగ్గుతుంది. రెండు రోజుల ముందు చెబితే తిరిగి ఇస్తాను.

సంప్రదించాలంటే ఈ నంబరుకే విడిగా మెసేజ్ పెట్టండి. మీ పేరు, ఎంతమంది, ఏ ప్యాకేజీ, ఏ టైము. ఫోన్లు మధ్యాహ్నం మాత్రమే."

పొడుగైందని ఇద్దరు ముగ్గురు నవ్వారు. కానీ ఈసారి "ఇటు కూడా" అని చెయ్యి తిప్పినవాళ్లు లేరు. "నల్లగా పెట్టరా" అని వెళ్లిపోయినవాళ్లు మాత్రం ముగ్గురున్నారు, దాచను. ఆ మూడు బుకింగుల నష్టం మా చెల్లి భరించింది. అది ఆమె ఒక్కతే భరించాల్సింది కాదని నా అభిప్రాయం. అలా కోన్‌లో ఏముందో రాసిన వాళ్ల దగ్గర బేరం ఆడకుండా ఉండటం మన వంతు. రాయనివాళ్లని మర్యాదగా "అమ్మా, ఇందులో ఏం కలుపుతారు, ఎప్పుడు కలిపారు" అని గ్రూపులోనే అడగడమూ మన వంతే. చెప్పగలిగినవాళ్లు సంతోషంగా చెబుతారు. "అది మా సీక్రెట్" అంటే ఇంకొకరిని చూసుకోవడమే.

ఒకవేళ ఇప్పటికే ఎవరి చేతికైనా నల్ల మెహందీ పెట్టించి ఉంటే భయపడకండి. వెంటనే సబ్బు నీళ్లతో శుభ్రంగా కడిగేయండి. మూడు వారాల వరకు కనిపెట్టి ఉండండి. దురద, ఎర్రటి ఉబ్బు, పొక్కులు వస్తే గోకవద్దు, పసుపూ గిసుపూ పూయవద్దు, డిజైన్ ఫొటో తీసి ఫార్మసీలోనో డాక్టరుకో చూపించండి. ఇక్కడయితే 111కి ఫోను చేసి అడగవచ్చు. మొహం, పెదాలు వాచినా, ఊపిరి ఆడటం కష్టమైనా ఆలోచించకుండా 999.

మా పాపకిప్పుడు పదకొండేళ్లు. ఈ అట్లతద్దికి వాళ్లమ్మ డాక్టరుని అడిగి, మా చెల్లి దగ్గర నూనె లేని పేస్టుతో అరచేతిలో చిన్న చందమామ ఒక్కటి పెట్టించింది. రాల్చగానే నారింజ రంగు చూసి పిల్ల మొహం చిన్నబుచ్చుకుంది. "రేపు చూడు" అన్నాను. మర్నాడు సాయంత్రం ఫొటో వచ్చింది. చందమామ ఎర్రగా పండింది.

– మీ అక్క, ఇంగ్లండు నుంచి